మూడో మందుకు ముందు

ఫిట్స్ ఉన్నవాళ్ల ఇళ్లలో మందుల చీటీల కట్ట ఒకటి ఉంటుంది. మొదటి చీటీలో ఒక బిళ్ల, ఏడాది తిరిగేసరికి రెండు, ఆ తరువాత మూడు. డాక్టరు మారినప్పుడల్లా ఒక పేరు పోయి ఇంకో పేరు వస్తుంది. డోసు పెరుగుతుంది, మగత పెరుగుతుంది, ఫిట్స్ మాత్రం ఆగవు. "ఈసారి మందు మార్చారు, చూద్దాం" అనుకుంటూ పదేళ్లు గడిచిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

అలా ఎదురుచూడటంలో ఎంత ఆశ మిగిలి ఉంటుందో లెక్కగట్టిన పరిశోధన ఒకటుంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రోడీ అనే ఇద్దరు వైద్యులు 525 మంది మూర్ఛ రోగులను ఏళ్ల తరబడి గమనించి, ఫలితాలను 2000లో ప్రచురించారు. అంతకుముందు ఏ మందూ వాడనివారిలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. అది పనిచేయనప్పుడు రెండో మందుతో మరో 13 శాతం మంది బాగుపడ్డారు. మూడో మందు దగ్గరకు వచ్చేసరికి ఆ సంఖ్య 1 శాతానికి పడిపోయింది. రెండేసి మందులు కలిపి ఇచ్చినా అదనంగా లాభపడ్డది 3 శాతమే. ఆ తరువాత కొత్త మందులు ఎన్నో వచ్చాయి. వాటిలో కొన్నింటికి పాతవాటికన్నా దుష్ప్రభావాలు తక్కువ. కానీ మందులకు లొంగని మూడో వంతు రోగుల వాటా మాత్రం పెద్దగా తగ్గలేదు.

అందుకే అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2010లో ఒక గీత గీసింది. ఆ రకం ఫిట్స్‌కు సరైన మందులు రెండు, సరిపడా డోసులో, సక్రమంగా వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. ఐదు మందులు, పది మందులు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. రెండు చాలు. ఆ గీత దాటినవాళ్లకు వేరే దారులు చూడాలి. వాటిలో బాగా పరీక్షకు నిలిచినవి రెండు: మెదడుకు ఆపరేషన్, కీటోజెనిక్ ఆహారం. ఒకటి కత్తి, ఇంకోటి కంచం. రెంటికీ పొంతన లేనట్టు కనిపించినా, ఎవరికి ఏది అన్నది తేల్చే ప్రశ్న ఒక్కటే: ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడుతున్నాయా, లేక చాలాచోట్లా?

ముందు తేల్చుకోవలసింది

ఆ ప్రశ్నకు ముందు ఇంకో చిన్న ప్రశ్న ఉంది. మందులు నిజంగానే ఓడిపోయాయా? మూర్ఛ కేంద్రానికి వచ్చేవాళ్లలో కొందరికి అసలు మూర్ఛే ఉండదు. గుండె లయ తప్పి స్పృహ కోల్పోయేవాళ్లు, మానసిక ఒత్తిడి శరీరం కుదుపులుగా బయటపడేవాళ్లు ఉంటారు. వీళ్లకు ఎన్ని ఫిట్స్ మందులిచ్చినా ఫలితం ఉండదు. ఇంకొందరికి జబ్బు సరే, మందే సరైనది కాదు. ఉదాహరణకు కౌమారంలో మొదలై, పొద్దున్నే చేతులు అదిరి గ్లాసు జారిపోయే రకం మూర్ఛ ఒకటుంది. దానికి కార్బమజెపిన్ ఇస్తే తగ్గకపోగా అదుర్లు పెరగవచ్చు. మందు మారిస్తే వీళ్లలో చాలామంది కుదుటపడతారు. వారంలో రెండు రోజులు బిళ్ల మరిచిపోవడం, రాత్రంతా మేలుకోవడం, మద్యం తాగడం కూడా మందు ఓడినట్టే కనిపించేలా చేస్తాయి.

ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసిన వీడియో. ఫిట్స్ వచ్చినప్పుడు తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి బిగుసుకుంది, మాట ఎప్పుడు తిరిగొచ్చింది అన్నవి డాక్టరుకు జబ్బు పుట్టిన చోటును సూచిస్తాయి. గాభరాలో తాళంచెవుల కోసం పరిగెత్తే చేతులు, రోగిని పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, ఆపైన ఫోన్ తీస్తే వైద్యానికి ఎంతో మేలు. చేతిలో ఇనుము పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఇనుముకు పేరొస్తుంది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒకే చోట పుడితే

ఆపరేషన్ దారి ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇలాంటి రోగులు ఏ మూర్ఛ కేంద్రంలోనైనా తరచూ కనబడతారు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి అనుకుందాం. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరంతో అరగంటకు పైగా ఫిట్స్ వచ్చాయి. తరువాత పదేళ్లకు పైగా ఏమీ లేదు. పన్నెండో ఏట కొత్తరకంగా మొదలైంది. పొట్టలోంచి ఏదో పైకి పొంగుకొస్తున్నట్టు అనిపిస్తుంది. వెంటనే చూపు నిలిచిపోతుంది. నోరు చప్పరిస్తుంది, కుడిచెయ్యి చున్నీ అంచును నలుపుతూ ఉంటుంది, ఎడమచెయ్యి బిగుసుకుని మెలి తిరుగుతుంది. ఒకటి రెండు నిమిషాలకు తేరుకుంటుంది, కానీ ఏం జరిగిందో తెలియదు. కింద పడి కొట్టుకోదు కాబట్టి ఇంట్లోవాళ్లు చాలాకాలం "పరధ్యానం" అనుకున్నారు. కార్బమజెపిన్ వాడారు, తరువాత లెవెటిరాసెటమ్ కలిపారు. నెలకు నాలుగైదుసార్లు వస్తూనే ఉన్నాయి.

ఈ వర్ణన వినగానే మూర్ఛ నిపుణుడి మనసు ఒకచోటికి వెళుతుంది. చెవి వెనక లోపలివైపు, కణతల కింద ఉండే మెదడు భాగాన్ని టెంపోరల్ లోబ్ అంటారు. దాని లోపలి అంచున చిటికెనవేలంత ముద్ద హిప్పోక్యాంపస్, అంటే జ్ఞాపకాలు నమోదయ్యే చోటు. పసితనంలో సుదీర్ఘంగా ఫిట్స్ వచ్చినవాళ్లలో కొందరికి అది కుంచించుకుపోయి, గట్టిపడి, ఏళ్ల తరువాత ఫిట్స్ పుట్టే స్థలంగా మారుతుంది. మెదడు కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది గనుక ఎడమచెయ్యి మెలి తిరిగిందంటే అనుమానం కుడివైపుకు పోతుంది.

అనుమానం చాలదు, రుజువు కావాలి. మొదట ఎంఆర్ఐ. మామూలు స్కాన్‌లో ఈ లోపం కనబడకపోవచ్చు. హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా, పలచటి కోతల్లో చిత్రాలు తీసే ప్రత్యేక పద్ధతి ఉంది. "ఎంఆర్ఐ నార్మల్" అని రాసిన పాత రిపోర్టు, అదే మెదడును ఈ పద్ధతిలో మళ్లీ తీస్తే మారిపోయిన సందర్భాలు అరుదేమీ కాదు. ఈ అమ్మాయికి కుడి హిప్పోక్యాంపస్ చిన్నదై, మామూలుకన్నా తెల్లగా మెరుస్తూ కనబడింది.

తరువాతిది వీడియో ఈఈజీ. నాలుగైదు రోజులు ఆస్పత్రిలో ఉంచి, తలకు తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, మందులు నెమ్మదిగా తగ్గిస్తారు. ఇన్నాళ్లూ ఏ ఫిట్స్ రాకూడదని మొక్కుకున్నారో అవే రావాలని ఇక్కడ ఎదురుచూస్తారు. ఫిట్ మొదలైన క్షణంలో విద్యుత్ అలజడి ఎక్కడ పుట్టిందో తెర మీద కనబడుతుంది. ఈ అమ్మాయికి నమోదైన మూడు ఫిట్స్‌లోనూ అది కుడి టెంపోరల్ వైపే మొదలైంది. సైకాలజిస్టు జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తే మాటలు గుర్తుపెట్టుకోవడం బాగానే ఉంది, బొమ్మలు, దారులు గుర్తుపెట్టుకోవడం కాస్త తక్కువగా ఉంది. ఇది కూడా కుడివైపు లోపానికి సరిపోయేదే. పెట్ స్కాన్ తీస్తే కుడి టెంపోరల్ భాగం చక్కెరను తక్కువగా వాడుకుంటున్నట్టు తేలింది.

నాలుగు పరీక్షలూ ఒకే చోటు చూపించాయి. అలా చూపించినప్పుడే సర్జన్ ధైర్యంగా ముందుకు వెళతాడు. ఒకటి కుడి అని, ఇంకోటి ఎడమ అని అంటే, లేదా ఎంఆర్ఐలో ఏమీ కనబడకపోతే, పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి లోపలికి ఎలక్ట్రోడ్లు పంపి వెతకాల్సి వస్తుంది. అప్పటికీ దొరకని సందర్భాలుంటాయి. దొరికినా, ఆ చోటు మాటకో చేతి కదలికకో ఆధారమైనదైతే ముట్టుకోలేరు.

ఆపరేషన్‌లో టెంపోరల్ లోబ్ ముందు భాగాన్ని కొన్ని సెంటీమీటర్ల మేర, దానితోపాటు కుంచించుకుపోయిన హిప్పోక్యాంపస్‌నూ తొలగిస్తారు. కొన్ని గంటల పని. అంతా సవ్యంగా ఉంటే వారం పది రోజుల్లో ఇంటికి పంపుతారు. మెదడులో ముక్క తీసేస్తే మనిషి మారిపోడా అన్న భయం ఇక్కడ సహజం. తీసే భాగం అప్పటికే పాడై, పని చేయడం దాదాపు మానేసి, చుట్టూ ఉన్న మంచి భాగాలను కూడా కుదిపేస్తున్నది అన్న సంగతే ఈ ఆపరేషన్‌కు పునాది.

ఆ పునాది తప్పితే ఏమవుతుందో వైద్యలోకానికి 1953లో తెలిసింది. అమెరికాలో విలియం స్కోవిల్ అనే సర్జన్, హెన్రీ మోలైసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి రెండువైపుల హిప్పోక్యాంపస్ భాగాలనూ తీసేశాడు. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేవరకు మోలైసన్ తనకు జరిగిన కొత్త సంగతులను దాదాపుగా గుర్తుంచుకోలేకపోయాడు. ఇప్పుడు ఒకవైపే తీస్తారు, అదీ రెండోవైపు సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకున్నాకే.

ఇదే అమ్మాయికి జబ్బు ఎడమవైపు ఉండి, హిప్పోక్యాంపస్ పెద్దగా దెబ్బతినకుండా, మాటల జ్ఞాపకశక్తి చురుగ్గా ఉండి ఉంటే లెక్క మారిపోయేది. ఎక్కువమందిలో మాట ఎడమ మెదడుది. బాగా పనిచేస్తున్న భాగాన్ని తీస్తే పోయేదీ ఎక్కువే. పేర్లు గుర్తురాకపోవడం, చదివింది నిలవకపోవడం టీచరుకో వకీలుకో బతుకుతెరువు మీద దెబ్బ. అలాంటివాళ్లతో సర్జన్ "ఫిట్స్ ఆగే అవకాశం ఇంత, జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం ఇంత" అని విడివిడిగా చెప్పి, నిర్ణయం వాళ్లకు వదిలేయాలి. కుడివైపైనా నష్టం సున్నా కాదు. చూపులో ఒక పై మూల కొంత మసకబారడం చాలామందికి జరుగుతుంది. రోజువారీ పనుల్లో అది తెలియకపోవచ్చు గానీ, బండి నడపడానికి అనుమతి అడిగినప్పుడు ఎదురొస్తుంది. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, పక్షవాతం వంటివి తక్కువమందికే అయినా వస్తాయి. కొందరికి ఆపరేషన్ తరువాత నెలల్లో దిగులు కమ్ముకుంటుంది. దాన్ని కూడా డాక్టరుకు చెప్పాలి, దానికి చికిత్స ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

కెనడాలోని లండన్ నగరంలో శామ్యూల్ వీబ్, ఆయన సహచరులు ఇలాంటి 80 మందిని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మందికి ఆపరేషన్ దారి, మిగతా సగానికి మందులే. 2001లో వెలువడిన ఫలితం ఇది: ఏడాది తరువాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివారు ఆపరేషన్ జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. ఆ ఏడాదిలో చనిపోయింది ఒకరు, మందుల జట్టులోనే. ఆపరేషన్ భయం గురించి మాట్లాడేటప్పుడు ఆగని ఫిట్స్ భయాన్ని కూడా తక్కెడలో పెట్టాలి. నీళ్లలో, మంటల్లో పడటం ఒకటి. నిద్రలో ఫిట్ వచ్చి ఉన్నట్టుండి ప్రాణం పోవడం ఇంకోటి. మందులకు లొంగని మూర్ఛలోనే ఈ ముప్పు ఎక్కువ.

పిల్లల గురించి ఇలాంటి గట్టి పరీక్ష జరిగింది మన దేశంలోనే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 18 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్న 116 మందిని ఇలాగే రెండు జట్లు చేశారు. 2017లో వచ్చిన ఫలితంలో, ఏడాది తరువాత ఆపరేషన్ జట్టులో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతో వేచి ఉన్నవాళ్లలో 7 శాతమే. అదే పత్రం రెండో సంగతి కూడా దాచకుండా చెప్పింది: ఆపరేషన్ జరిగినవాళ్లలో మూడో వంతు మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, వాటిలో ఎక్కువ ఒకవైపు చెయ్యి, కాలు బలహీనపడటం. ఆ పిల్లల్లో కొందరికి జరిగింది మెదడులో పాడైపోయిన ఒక సగాన్ని మిగతా సగం నుంచి విడదీసే పెద్ద ఆపరేషన్. అందులో ఈ బలహీనత వస్తుందని ముందే తెలుసు. రోజుకు పదుల సార్లు ఫిట్స్ వచ్చి మాట, నడక వెనక్కి పోతున్న పిల్లకు ఆ బేరం ఒప్పుకోదగ్గదే అనిపిస్తుంది. నెలకోసారి వచ్చే పిల్లకు అనిపించదు.

ఎంతకాలం నిలుస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. ఇంగ్లండ్‌లో ఆపరేషన్ చేయించుకున్న 615 మంది పెద్దవాళ్లను ఏళ్లపాటు గమనించి 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఐదేళ్ల దాకా ఫిట్స్ లేకుండా ఉన్నవారు 52 శాతం, పదేళ్ల దాకా 47 శాతం. కాబట్టి ఆపరేషన్ అవగానే బిళ్లలు గట్టున పెట్టకూడదు. మొదటి ఏడాది రెండేళ్లు అవే మందులు కొనసాగించి, ఫిట్స్ రాకపోతేనే ఒక్కొక్కటిగా, నెమ్మదిగా తగ్గిస్తారు. కొందరు పూర్తిగా మానేయగలుగుతారు. కొందరికి ఒక మందు మిగులుతుంది, కానీ మునుపు ఓడిన ఆ మందే ఇప్పుడు పనిచేస్తుంది.

ఒకే చోట పుట్టకపోతే

పసిపిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛల్లో చాలావాటికి ఒకే చోటంటూ ఉండదు. మెదడంతా ఒకేసారి కదిలిపోతుంది. నెలల పిల్లలు నిద్ర లేస్తూనే ముడుచుకుపోయి వరసగా కుదుపులకు గురవుతారు. రెండు మూడేళ్ల పిల్లలు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే కూలిపోయి ముఖం పగలగొట్టుకుంటారు. కోయడానికి చోటు దొరకని ఇలాంటివాళ్లకే కీటోజెనిక్ ఆహారం ఎక్కువగా అక్కరకొస్తుంది.

దీని వెనక ఉన్న పరిశీలన పాతది: ఉపవాసం ఉన్నప్పుడు కొందరికి ఫిట్స్ తగ్గుతాయి. తిండి లేనప్పుడు లివరు ఒంట్లోని కొవ్వును కరిగించి కీటోన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. చక్కెర దొరకని మెదడు వాటితో పని నడుపుకుంటుంది. కానీ ఎన్నాళ్లు పస్తులుండగలరు? 1921లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ ఒక ఉపాయం ప్రతిపాదించాడు: కడుపునిండా తింటూనే, ఆ తిండి దాదాపు అంతా కొవ్వే అయితే శరీరం ఉపవాసంలో ఉన్నట్టే కీటోన్లు తయారుచేస్తుంది. 1938లో ఫెనిటాయిన్ వచ్చాక, బిళ్ల మింగడమే సులువు గనుక, ఈ పద్ధతి మరుగున పడింది. 1990లలో హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహమ్స్ కొడుకు చార్లీకి మందులన్నీ విఫలమై, ఆపరేషన్ కూడా ఫలించక, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఈ ఆహారంతో ఫిట్స్ ఆగాయి. ఆ తండ్రి చేసిన ప్రచారంతో ఇది మళ్లీ వెలుగులోకి వచ్చింది.

కథలు వేరు, పరీక్ష వేరు. 2008లో లండన్‌లో ఎలిజబెత్ నీల్ బృందం 145 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, మూడు నెలలకు ఫిట్స్ సగానికి పైగా తగ్గినవారు ఆహారం జట్టులో 38 శాతం, మామూలు తిండి జట్టులో 6 శాతం. అంటే ఆపరేషన్‌లా ఫిట్స్‌ను పూర్తిగా ఆపేయడం దీనితో తక్కువమందికే జరుగుతుంది. సగానికి తగ్గడమే ఇక్కడ తరచు దొరికే ఫలితం. రోజుకు నలభై సార్లు కూలిపోయే పిల్లవాడికి ఆ సగం బడికి వెళ్లడానికీ వెళ్లలేకపోవడానికీ మధ్య తేడా. ఒక జబ్బులో మాత్రం ఇది మొదటి వైద్యమే. మెదడులోకి చక్కెరను చేర్చే ప్రోటీన్ పుట్టుకతోనే లోపించిన పిల్లలుంటారు. దీన్ని గ్లూట్-1 లోపం అంటారు. వాళ్ల మెదడుకు చక్కెర సరిపడా అందదు, కీటోన్లు అందుతాయి. అలాంటి పిల్లలకు రెండు మందులు ఓడేదాకా కూడా ఆగకూడదు.

కంచంలో లెక్క

కీటోజెనిక్ ఆహారాన్ని మందులాగే తూచి ఇస్తారు. పాత, గట్టి పద్ధతిలో ప్రోటీన్, పిండిపదార్థం రెండూ కలిపి ఒక గ్రాముంటే కొవ్వు నాలుగు గ్రాములుండాలి. 15 కిలోల పిల్లవాడికి రోజుకు వెయ్యి కేలరీలు కావాలనుకుందాం. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, మిగతా రెంటికీ గ్రాముకు 4. లెక్క వేస్తే 100 గ్రాముల కొవ్వు, 25 గ్రాముల మిగతావి. ఎదిగే పిల్లవాడికి కిలోకు ఒక గ్రాము చొప్పున 15 గ్రాముల ప్రోటీన్ తప్పనిసరి. ఇక పిండిపదార్థానికి మిగిలేది రోజు మొత్తానికి 10 గ్రాములు.

ఆ 10 గ్రాములు ఎంతో మన వంటింట్లో చూడాలి. ఒక గ్లాసు పాలు తాగితే అయిపోతాయి. ఒక ఇడ్లీతో అయిపోతాయి. అన్నమైతే రెండు చిన్న ముద్దలు. కాబట్టి అన్నం, చపాతీ, పప్పు, అరటిపండు అన్నీ పక్కకు పోతాయి. ఒక పూట కంచం ఇలా ఉంటుంది: చిన్న కోడిగుడ్డు ఒకటి, పిడికెడు సొరకాయ కూర, వాటితో దాదాపు రెండు పెద్ద చెంచాల నెయ్యి. శాకాహారులకు గుడ్డు స్థానంలో పనీర్ వస్తుంది. కొబ్బరి, వెన్న, మీగడ సాయం చేస్తాయి. ఇది కొలత అర్థం కావడానికి చెప్పిన నమూనా మాత్రమే. ఏ పిల్లకు ఎంత అన్నది డైటీషియన్ వేసి ఇవ్వాలి. కంచంలో పెట్టిందంతా తినాలి, నెయ్యి గిన్నెకు అంటుకుని మిగిలినా లెక్క తప్పుతుంది.

పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లకు ఇంత కట్టడి కుదరదు. వాళ్లకోసం జాన్స్ హాప్కిన్స్‌లోనే 2003లో మార్పుచేసిన అట్కిన్స్ ఆహారం అనే సడలింపు పద్ధతి వచ్చింది. ఇందులో తూకం ఉండదు, ప్రోటీన్‌కు హద్దు ఉండదు, పిండిపదార్థం మాత్రం రోజుకు 10 నుంచి 20 గ్రాములు దాటకూడదు, కొవ్వు బాగా తినాలి. ఢిల్లీలో సువాసిని శర్మ బృందం ఈ పద్ధతిని మన పిల్లల మీద పరీక్షించి 2013లో ప్రచురించింది. మూడు నెలలకు ఫిట్స్ సగానికి పైగా తగ్గినవారు ఆహారం జట్టులో 52 శాతం, మామూలు తిండి జట్టులో 11.5 శాతం. గట్టి పద్ధతిని నడిపే డైటీషియన్లు అన్ని ఊళ్లలో దొరకని మన దేశానికి ఇది పనికొచ్చే కబురు.

ఎక్కడ తప్పుతుంది

ఇంట్లో యూట్యూబ్ చూసి మొదలుపెట్టకూడని తిండి ఇది. బరువు తగ్గడానికి జిమ్‌లో చెప్పే కీటోకు, దీనికి పేరొక్కటే పోలిక. పుట్టుకతోనే కొవ్వును కరిగించుకోలేని లోపాలున్న పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ఈ ఆహారం పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మొదలుపెట్టేముందు రక్తపరీక్షలతో ఆ లోపాలు లేవని తేల్చుకుంటారు. మొదటి రోజులు చాలాచోట్ల ఆస్పత్రిలోనే గడుస్తాయి. చక్కెర పడిపోవడం, వాంతులు, మగత అప్పుడే ఎక్కువ. కీటోన్లు మితిమీరితే పిల్ల ముఖం ఎర్రబడి, ఊపిరి వేగంగా తీస్తూ, సోలిపోతుంది. అలాంటప్పుడు కొద్దిగా పండ్లరసం, 30 మిల్లీలీటర్ల దాకా, పట్టించి డాక్టరుకు ఫోన్ చేయమని ముందే నేర్పిస్తారు.

ఇంటికొచ్చాక ఎదురయ్యే చిక్కు ఇంకోరకం. కీటోన్లు సరిగ్గా ఉన్నాయో లేదో తల్లి మూత్రంలో పట్టీ ముంచి రంగు చూసి తెలుసుకుంటుంది. బాగున్న పట్టీ ఒకరోజు రంగు తగ్గి, ఆ సాయంత్రం ఫిట్ వస్తుంది. అప్పుడు వెతకాలి. నాయనమ్మ జాలితో చేతిలో పెట్టిన గుడి ప్రసాదం కావచ్చు. పక్కింట్లో తిన్న బిస్కెట్టు కావచ్చు. తరచుగా దోషి మందే అవుతుంది: దగ్గు సిరప్, జ్వరం సిరప్, చప్పరించే బిళ్లలు చాలావాటిలో చక్కెర ఉంటుంది. అందుకే ఏ జబ్బుకైనా సిరప్ బదులు బిళ్ల పొడిచేసి ఇవ్వమని అడగాలి. జ్వరంతో వేరే ఆస్పత్రికి వెళితే అలవాటుగా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు, ఒక్క రాత్రిలో కీటోన్లు మాయమవుతాయి. "కీటోజెనిక్ ఆహారంలో ఉన్నాడు, అత్యవసరమైతే తప్ప గ్లూకోజ్ వద్దు" అన్న చీటీ పిల్లవాడి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

నెలల మీద కనిపించే నష్టాలు వేరు. మలబద్ధకం చాలామందికి ఉంటుంది. కొందరికి కిడ్నీలో రాళ్లు పడతాయి, పొటాషియం సిట్రేట్‌తో ఆ ముప్పు తగ్గించవచ్చు. టోపిరమేట్ వాడే పిల్లల్లో ఈ విషయంలో ఇంకాస్త కన్నేసి ఉంచాలి. రక్తంలో కొలెస్ట్రాల్ పెరగవచ్చు, ఎత్తు పెరగడం మందగించవచ్చు. ఈ తిండిలో విటమిన్లు, కాల్షియం చాలవు కాబట్టి చక్కెర లేని మాత్రల రూపంలో రోజూ ఇవ్వాల్సిందే. ఇవన్నీ చూసుకోవడానికి మూడు నెలలకోసారి ఎత్తు, బరువు, రక్తం పరీక్షించాలి.

అంత కష్టపడి ఎంతకాలం? దీనికి గడువు ఉంది. మూడు నెలలు నిజాయితీగా పాటించి చూడాలి. ఫిట్స్ రాసుకున్న పుస్తకంలో తేడా కనబడకపోతే మానేయవచ్చు, పిల్లవాడిని ఊరికే అన్నానికి దూరం చేయనక్కర్లేదు. ఫలితం ఉంటే సుమారు రెండేళ్లు కొనసాగించి, నెలల మీద నెమ్మదిగా మామూలు తిండికి తెస్తారు. గ్లూట్-1 లోపం ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఎక్కువకాలం పాటించాలి. బాగా తగ్గిన పిల్లల్లో చాలామందికి అన్నం తిరిగి మొదలుపెట్టాక కూడా మేలు నిలుస్తుంది.

డాక్టరును ఏం అడగాలి

ఈ రెండు దారులకూ ఉమ్మడి శత్రువు ఆలస్యం. ఎదిగే మెదడులో రోజూ వచ్చే ఫిట్స్ మాటను, చదువును మింగేస్తాయి. పెద్దవాళ్లలో ఉద్యోగం, పెళ్లి, ఆత్మవిశ్వాసం పోయాక ఫిట్స్ ఆగినా వాటిని తిరిగి కట్టుకోవడం కష్టం. ఆపరేషన్‌ను ఆఖరి అస్త్రంగా దాచుకోవాలన్న ఆలోచన ఈ విషయంలో పనికిరాదు.

మన దగ్గరే హైదరాబాద్ నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ పని జరుగుతోంది. రెండు మందులు సరిపడా డోసులో వాడినా ఫిట్స్ వస్తుంటే, మూడో చీటీ చేతికి వచ్చేలోపు మూడు సంగతులు అడగాలి. ఇది ఖాయంగా మూర్ఛేనా, ఏ రకం? మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే ఎంఆర్ఐ, వీడియో ఈఈజీ ఎక్కడ చేస్తారు? పిల్లయితే, ఆహార చికిత్సకు సరిపోతుందో లేదో చూడటానికి ఎవరి దగ్గరకు పంపుతారు? వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, వాటి గరిష్ఠ డోసులు, ఎందుకు మానేశారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఫోన్లో రెండు మూడు ఫిట్స్ వీడియోలు, పాత స్కాన్‌ల రిపోర్టులతోపాటు అసలు ఫిల్మ్‌లూ సీడీలూ తీసుకెళ్లాలి. పరీక్షలన్నీ అయ్యాక "మీకు ఆపరేషన్ కుదరదు" అన్న జవాబే రావచ్చు. అది కూడా పనికొచ్చే జవాబే. ఆహారం, వేగస్ నరానికి అమర్చే పరికరం, ఇంకో మందు అనే తరువాతి మెట్లను అప్పుడు గుడ్డిగా కాక తెలిసి ఎక్కుతారు.